శనివారం పొద్దున్న వైజాగ్ ఫ్లైట్, జయపురం నుంచి క్యాబ్: మెసేజ్‌లో ఏ టైమ్ రాయాలి?

జయపురం_లలిత · సోమవారం రాత్రి 9.10

అందరికీ నమస్కారం. అమ్మకి హైదరాబాద్‌లో కన్ను చూపించాలి. 13వ తారీఖు శనివారం పొద్దున్న 11.20కి వైజాగ్ నుంచి ఫ్లైట్. నేను, అమ్మ, మా తమ్ముడు, ఒక పెద్ద సూట్‌కేసు. అమ్మకి వీల్‌చైర్ అడిగాం. ఇక్కడ ఒడిశా జయపురంలో తెలిసిన ట్రావెల్స్ అతనికి నిన్న ఇలా పంపాను:

"అన్నా, శనివారం రాత్రి 2.30కి ఎయిర్‌పోర్టు పికప్ కావాలి. ఫ్లైట్ 11.20. ముగ్గురం. కొంచెం ముందుగా రండి."

ఆయన "ఓకే మేడం" అని ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. అది చూసినప్పటి నుంచి నాకు టెన్షన్. 2.30 అని నేనే అంచనాగా రాశాను. తమ్ముడేమో ఒంటిగంటకే బయల్దేరదాం అంటాడు, అమ్మేమో చీకట్లో ఘాటీ కొండదారి వద్దు, 4 గంటలకి వెళ్దాం అంటుంది. ఎంత ముందు బయల్దేరాలి, మెసేజ్‌లో ఏం రాయాలి, తెలిసినవాళ్ళు చెప్పండి.

బరంపురం_బాబాయ్ · సోమవారం రాత్రి 9.32

అమ్మా, ఎయిర్‌పోర్టు పికప్‌కి అంత ముందు బండి పంపడం దేనికి? ఫ్లైట్ దిగాక లగేజి బెల్టు దగ్గరే అరగంట పోతుంది. దిగే టైమ్‌కి 30 నిమిషాలు కలిపి డ్రైవర్ని బయట ఉండమను, పార్కింగ్ డబ్బులు మిగుల్తాయి. మా అల్లుడు భువనేశ్వర్‌లో దిగినప్పుడల్లా నేను చేసే పని ఇదే.

జయపురం_లలిత · సోమవారం రాత్రి 9.36

బాబాయ్ గారూ, మేము దిగడం లేదండీ, ఎక్కుతున్నాం. మమ్మల్ని ఇంటి దగ్గర ఎక్కించుకుని వైజాగ్ ఎయిర్‌పోర్టులో దింపాలి.

బరంపురం_బాబాయ్ · సోమవారం రాత్రి 9.41

ఓహో. మరి పికప్ అని రాశావేంటమ్మా! నేనే కాదు, నీ ట్రావెల్స్ అతను కూడా అలాగే అనుకుని ఉంటే?

పాత_స్టీరింగ్ · సోమవారం రాత్రి 10.25

బాబాయ్ గారు పొరబడ్డా మంచి ప్రశ్న వేశారు. నేను కోరాపుట్, వైజాగ్ మధ్య 11 ఏళ్ళు బండి నడిపాను, ఇప్పుడు మా వాళ్ళ బళ్ళకి బుకింగులు చూస్తున్నాను. లలిత గారూ, మీ మెసేజ్‌లో మూడు గోతులున్నాయి, మూడింట్లోనూ నేను పడ్డవాడినే.

మొదటిది పికప్ అన్న మాట. డ్రైవర్ల భాషలో ఎయిర్‌పోర్టు పికప్ అంటే అక్కడ దిగినవాళ్ళని తీసుకురావడం, మీకు కావల్సింది ఎయిర్‌పోర్టు డ్రాప్. పైగా ఏ ఎయిర్‌పోర్టో మీరు రాయలేదు, జయపురంలోనే ఒకటి ఉంది కదా. "వైజాగ్ ఎయిర్‌పోర్టు, డ్రాప్" అని పూర్తిగా రాయండి. భోగాపురంలో కొత్తది కట్టారు కాబట్టి టికెట్ మీద ఏ పేరుందో ఒకసారి చూసుకుని అదే రాయండి.

రెండోది "శనివారం రాత్రి 2.30". ఇది అన్నిటికన్నా ప్రమాదం. మనం రాత్రి రెండు అంటే పడుకున్న రాత్రే లెక్క, క్యాలెండర్‌లో అది మర్నాడు. మీరు రాసింది చదివి డ్రైవర్ శనివారం పగలంతా ఇంకో ట్రిప్ వేసుకుని, ఆ రాత్రి భోంచేసి, ఆదివారం తెల్లవారుజాము 2.30కి మీ గుమ్మం ముందు హారన్ కొడతాడు. అప్పటికి మీ ఫ్లైట్ వెళ్ళి 15 గంటలు. అతని తప్పు ఏమీ ఉండదు.

మూడోది "కొంచెం ముందుగా". ఎంత ముందు, దేనికి ముందు? ఈ మాటకి ఒక్కో డ్రైవర్ ఒక్కో అర్థం తీస్తాడు.

లెక్క రేపు రాస్తాను. ముందు ఒకటి చెప్పండి, సూట్‌కేసు కౌంటర్‌లో వెయ్యాలా, చేతిలో పట్టుకెళ్ళేదా?

జయపురం_లలిత · సోమవారం రాత్రి 10.31

అమ్మో! ఆదివారం సంగతి అస్సలు తట్టలేదు. సూట్‌కేసు కౌంటర్‌లో వెయ్యాల్సిందే అన్నా, 14 కేజీలుంది.

రాయగడ_మాస్టారు · మంగళవారం ఉదయం 6.50

విమానాశ్రయంలో 3 గంటల ముందు ఉండాలని నియమం. కాబట్టి 8.20కి చేరాలి, దాన్నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి. చెకిన్ కౌంటర్ బయల్దేరడానికి 60 నిమిషాల ముందు మూసేస్తారు. కానీ మీరు ముందురోజే ఫోన్‌లో వెబ్ చెకిన్ చేసుకుంటే ఆ 60 నిమిషాల బాధే లేదు, గేటు 25 నిమిషాల ముందు మూస్తారు, అప్పటికి చేరినా చాలు.

పాత_స్టీరింగ్ · మంగళవారం ఉదయం 7.45

మాస్టారు గారూ, నమస్కారం. 60, 25 సరైనవే, మన దేశం లోపలి విమానాలకి ఎక్కువగా అవే, అయినా టికెట్ మీద రాసిందే చూసుకోవాలి. కానీ 3 గంటలు విదేశాలకి వెళ్ళేవాళ్ళకి చెప్పేది, వీళ్ళకి 2 చాలు. వెబ్ చెకిన్ మాట చేతిసంచీ ఒక్కటే ఉన్నవాళ్ళకి నిజం. వీళ్ళకి 14 కేజీల పెట్టె ఉంది, వీల్‌చైర్ మనిషి కూడా కౌంటర్ దగ్గరికే రావాలి. వెబ్ చెకిన్ చేసుకున్నా పెట్టె తీసుకోవడం ఆ 60 నిమిషాలకే ఆపేస్తారు. కాబట్టి వీళ్ళ అసలు గడువు 11.20 కాదు, 10.20.

ఇప్పుడు లెక్క. 10.20కి కౌంటర్ మూస్తారు. వీల్‌చైర్ వచ్చేదాకా ఆగడం, గేటు దగ్గర ఆధార్ చూపించడం, కౌంటర్ దగ్గర వరస, వీటికి ఒక గంట. అంటే 9.20కి ఎయిర్‌పోర్టు బయట బండి దిగాలి. మెసేజ్‌లో ముందు రాయాల్సిన టైమ్ ఇదే.

రోడ్డు మీద జయపురం నుంచి కోరాపుట్ 45 నిమిషాలు. అక్కణ్ణుంచి సెమిలిగూడ, పొట్టంగి మీదుగా సుంకికి గంటుంపావు. సుంకి ఘాటీ దిగి సాలూరుకి 40 నిమిషాలు. సాలూరు నుంచి రామభద్రపురం, గజపతినగరం మీదుగా విజయనగరానికి గంటన్నర. అక్కణ్ణుంచి ఎయిర్‌పోర్టుకి గంటా 20. మొత్తం అయిదున్నర గంటలు. ఇది ఏ అడ్డూ లేని రోజు, రాత్రి బండి తోలడం తెలిసినవాడికి.

దీనికి టీ, బాత్రూమ్, అమ్మగారు కాళ్ళు చాపుకోవడం కలిపి ఒక అరగంట. ఘాటీలో లారీ అడ్డం పడ్డా, పొగమంచు దిగినా పోయేదానికి 50 నిమిషాలు. 9.20 నుంచి ఇవన్నీ వెనక్కి తీస్తే సరిగ్గా 2.30. మీరు అంచనాగా రాసినా టైమ్ తప్పు రాయలేదు లలిత గారూ, రోజే తప్పు రాశారు.

సాలూరు_సత్తిబాబు · మంగళవారం ఉదయం 8.20

అన్న లెక్క బానే ఉంది గానీ డిసెంబర్ అని మర్చిపోకండి. మా ఊరు ఘాటీ కిందే. ఇప్పుడు తెల్లవారుజామున సుంకి దగ్గర మంచు ఎలా దిగుతుందంటే, ముందు లారీ ఎర్ర దీపం పది అడుగుల దూరంలో గానీ కనబడదు. మొన్న మా పెదనాన్న కొడుకు పొట్టంగి నుంచి సాలూరు దిగడానికి మామూలు రోజు కన్నా గంట ఎక్కువ పట్టిందన్నాడు. మలుపులో రెండు లారీలు ఎదురైతే ఒకటి వెనక్కి వెళ్ళాలి, దాని వెనక ఆరు బళ్ళు వెనక్కి వెళ్ళాలి. 50 నిమిషాలు సరిపోతుందా అని నా అనుమానం.

కోరాపుట్_కాఫీ · మంగళవారం ఉదయం 9.05

ఇంత లెక్కలెందుకు? నేనైతే డ్రైవర్‌కి ఫ్లైట్ 10 గంటలకే అని చెప్తాను. వాడే పరిగెత్తిస్తాడు. నాలుగేళ్ళుగా ఇదే పద్ధతి, ఒక్క ఫ్లైటూ మిస్ కాలేదు.

పాత_స్టీరింగ్ · మంగళవారం ఉదయం 9.40

కాఫీ తమ్ముడూ, డ్రైవర్ సీట్లో కూర్చున్నవాడిగా చెప్తున్నా. 10 గంటలకి ఫ్లైట్ అని నమ్మినవాడు మంచులో ఘాటీలో ఓవర్‌టేక్ చేస్తాడు. నువ్వు దాచుకున్న గంట నీ దగ్గరే ఉంటుంది, వాడికి తెలీదు. దార్లో ఎవరో ఒకరు "11.20కి కదా, ఇంకా టైముందిలే" అని నోరు జారితే, ఆ తర్వాత నువ్వు చెప్పే ఏ టైమూ వాడు నమ్మడు.

ఫ్లైట్ టైమ్ దాచక్కర్లేదు, కానీ ముందు వరసలో రాయొద్దు. 11.20 అని చదవగానే వాడి బుర్రలో పదింటికి చేరితే చాలు అని పడిపోతుంది. 9.20 ముందు, 11.20 చివర.

కోరాపుట్_కాఫీ · మంగళవారం ఉదయం 9.48

అందరు డ్రైవర్లూ మీలా ఆలోచించరు అన్నా. నిజం చెప్తే నిద్రపోయేవాళ్ళని కూడా చూశాను. నేను మారను.

పాత_స్టీరింగ్ · మంగళవారం ఉదయం 10.15

నీ ఇష్టం తమ్ముడూ.

సత్తిబాబు అన్నదానికి వస్తాను, అది పట్టించుకోవాల్సిన మాట. బయల్దేరే టైమ్ ఇంకో గంట ముందుకి జరిపితే లాభం లేదు, ఎందుకంటే అప్పుడు ఘాటీ ఇంకా చీకట్లో దిగాలి, డ్రైవర్‌కి నిద్ర ఇంకా తక్కువ. అమ్మగారన్నట్టు 4 గంటలకి బయల్దేరితే తెల్లవారాక దిగొచ్చు, కానీ ఏ అడ్డూ లేకపోయినా, టీ మానేసినా 9.30కి చేరతారు. మంచు ఒక గంట తిందా, 10.30. కౌంటర్ మూసేసి పది నిమిషాలు.

అందుకని మిగులు టైమ్ ఎంత అన్నదానికన్నా దాన్ని ఎక్కడ ఖర్చుపెడతామన్నది చూడాలి. నేను డ్రైవర్లకి చెప్పేది ఒకటే, ఘాటీ దిగేదాకా టీ లేదు. చాలామంది సెమిలిగూడలో ఆపుతారు, చలికి అల్లం టీ బాగుంటుంది, ఫొటోలు దిగుతారు, 25 నిమిషాలు హాయిగా పోతాయి. తర్వాత సుంకిలో లారీ వెనక చిక్కుకుంటే అప్పుడు ఆ 25 కావాలని ఏడుపు. సాలూరు దిగాక ఆపితే అప్పటికి ఎంత మిగిలిందో లెక్క తేలిపోతుంది. అమ్మగారికి బాత్రూమ్ అవసరమైతే కోరాపుట్‌లో అయిదు నిమిషాలు ఆపండి, అది వేరు.

సాలూరే మీ గడియారం. అన్నీ సవ్యంగా ఉంటే 5.10కి అక్కడుంటారు. 6 అయితే మంచుకి ఉంచుకున్న 50 నిమిషాలూ అయిపోయినట్టు, అయినా అరగంట టీ తాగి 9.20కే చేరతారు. 6.30 అయితే టీ మానెయ్యాలి, అప్పుడూ 9.20నే. 7 అయితే ఎక్కడా ఆపకుండా 9.50, ఇంకా కౌంటర్ తెరిచే ఉంటుంది. 7.30 అయితేనే గండం, అప్పుడు బండిలో నుంచే విమానం కంపెనీకి ఫోన్ చేసి తర్వాతి ఫ్లైట్‌కి మార్చుకోవడానికి ఎంతవుతుందో అడగడం మొదలుపెట్టాలి. సత్తిబాబూ, నువ్వు చెప్పిన గంట ఎక్కువ పట్టినా 6.10కి దిగుతారు కదా, సరిపోతుంది.

సాలూరు_సత్తిబాబు · మంగళవారం ఉదయం 10.33

ఆ లెక్కన సరిపోద్ది అన్నా. లారీ బోల్తా పడితే మాత్రం ఏ లెక్కా పనిచెయ్యదు. క్రేన్ కింద నుంచి పైకి ఎక్కాలి.

గుణుపురం_పిల్ల · మంగళవారం మధ్యాహ్నం 1.15

లలితక్కా, మాకు ఒకసారి వేరే గొడవ అయింది. బండి టైమ్‌కే వచ్చింది, తెల్ల బోర్డు! బుక్ చేసినతను తన బండి ఖాళీ లేదని ఎవరిదో సొంత కారు పంపాడు. ఆంధ్రలోకి వచ్చాక రవాణా వాళ్ళు ఆపి, కిరాయికి తిప్పుతున్నారా అని అడిగి 40 నిమిషాలు నిలబెట్టారు. మా నాన్న "మా బంధువులం" అని అబద్ధం చెప్పబోతే డ్రైవర్ పేరే తెలీదు. ఫ్లైట్ దొరికింది కానీ పరిగెత్తుకుంటూ ఎక్కాం. పసుపు బోర్డు ఉందా అని మెసేజ్‌లోనే అడుగు.

పాత_స్టీరింగ్ · మంగళవారం మధ్యాహ్నం 2.05

ఈ అమ్మాయి చెప్పింది బాగా గుర్తుపెట్టుకోండి. మనం ఒడిశా బండిలో ఆంధ్రలోకి వెళ్తున్నాం. పసుపు బోర్డు ఒకటే చాలదు, ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఉన్న బండి అయితే సరిహద్దులో విడిగా కట్టేదేమీ ఉండదు. ఒడిశా పర్మిట్ మాత్రమే ఉంటే ఆంధ్ర తాత్కాలిక పర్మిట్, పన్ను ముందే ఆన్‌లైన్‌లో కట్టి రసీదు బండిలో పెట్టుకోవాలి. తెల్లవారుజామున సుంకి దగ్గర ఫోన్‌లో సిగ్నల్ వెతుక్కుంటూ కట్టడం చూశాను, నేనూ చేశాను. అలాగే డీజిల్ ముందు రోజు సాయంత్రమే నింపమనండి, రెండున్నరకి బంకుల్లో కుర్రాళ్ళు నిద్రలేవరు.

ఇంకో మాట. ఆ రాత్రి నడిపేవాడు శుక్రవారం పగలు ఎక్కడున్నాడో అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడతారు జనం. పగలు రాయ్‌పూర్ వెళ్ళొచ్చినవాడు మీకు 2.30కి బండి తెస్తే మంచు కన్నా వాడి కళ్ళే భయం.

జయపురం_లలిత · మంగళవారం రాత్రి 8.20

అన్నా, మీరందరూ చెప్పినవి కలిపి ఇలా రాశాను. ఇంకా పంపలేదు, చూసి చెప్పండి.

"నమస్కారం అన్నా. ఆదివారం పంపిన మెసేజ్ వదిలెయ్యండి, ఇదే లెక్క.
వైజాగ్ ఎయిర్‌పోర్టు డ్రాప్. జయపురం ఎయిర్‌పోర్టు కాదు.
13వ తారీఖు శనివారం పొద్దున్న 9.20 లోపు వైజాగ్ ఎయిర్‌పోర్టులో దిగాలి.
బయల్దేరేది 12 శుక్రవారం రాత్రి పడుకుని లేచాక, తెల్లవారితే శనివారం అనగా, తెల్లవారుజాము 2.30. బండి 2.15కి ఇంటి ముందు ఉండాలి.
ముగ్గురం, ఒక పెద్ద సూట్‌కేసు, అమ్మ పెద్దావిడ, ముందు సీటు ఆవిడకి.
టీకి సాలూరు దిగాకే ఆపుదాం. విజయనగరం నుంచి కొత్తవలస, పెందుర్తి దారి.
పసుపు బోర్డు, ఆంధ్ర పర్మిట్ ఉన్న బండే పంపండి. డీజిల్ ముందే నింపించండి. శుక్రవారం పగలు దూరం ట్రిప్ వెయ్యని డ్రైవర్ కావాలి.
శుక్రవారం రాత్రి 8 లోపు డ్రైవర్ పేరు, నంబర్, బండి నంబర్ పంపండి. టోల్, పర్మిట్, తిరుగు కిరాయి అన్నీ కలిపి ఎంతో ఒక్క మాట చెప్పండి.
ఫ్లైట్ 11.20కి."

పాత_స్టీరింగ్ · మంగళవారం రాత్రి 8.55

బ్రహ్మాండం. రెండు సవరణలు. బండి 2.15కి అన్నారు కదా, డ్రైవర్ తన ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు 1.45కి మీకు ఫోన్ చెయ్యాలి అని కలపండి. ఫోన్ రాకపోతే 1.50కి మీరు చెయ్యండి. 2.15 దాకా ఆగి అప్పుడు కంగారుపడితే ఇంకో బండి దొరికే టైమ్ ఉండదు. రెండోది, "ఓకే" అని పంపితే ఒప్పుకోకండి. రోజు, టైమ్ ఆయన్నే తిరిగి రాయమనండి. తప్పు అర్థమైతే అక్కడే బయటపడుతుంది.

ముందు సీటు మాట బాగుంది. ఘాటీలో వెనక కూర్చున్న పెద్దవాళ్ళకి వాంతులొస్తాయి.

రాయగడ_మాస్టారు · మంగళవారం రాత్రి 9.10

కిరండూల్ నుంచి వచ్చే రాత్రి బండిలో కోరాపుట్‌లో ఎక్కి విశాఖలో దిగితే ఈ గొడవంతా ఉండదు కదా? ఘాటీ రోడ్డు లేదు, లారీలు లేవు.

జయపురం_లలిత · మంగళవారం రాత్రి 9.16

మాస్టారు గారూ, అమ్మ రాత్రి రైలు మెట్లు ఎక్కలేదండీ. నాకైతే ఇష్టమే.

కోరాపుట్_కాఫీ · మంగళవారం రాత్రి 9.20

ఆ రైలు కూడా లేటయితే? పట్టాల మీద ఓవర్‌టేక్ ఉండదు.

జయపురం_లలిత · బుధవారం ఉదయం 11.02

పంపాను. ఆయన జవాబు చదవండి: "మేడం, నేను శనివారం రాత్రి అనే రాసుకున్నాను. శనివారం పగలు బండి నవరంగ్‌పూర్ బుకింగ్‌లో ఉంది. శుక్రవారం రాత్రికి వేరే బండి చూస్తాను." మీరు చెప్పకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే చేతులు చల్లబడ్డాయి. ఇంకో గంటకి బండి నంబర్ పంపాడు, పసుపు బోర్డే.

బరంపురం_బాబాయ్ · బుధవారం ఉదయం 11.30

నేను ముందే అన్నాను కదమ్మా, అతను వేరేగా అనుకుని ఉంటాడని!

జయపురం_లలిత · శనివారం మధ్యాహ్నం 3.40

హైదరాబాద్ చేరాం. 1.50కి నేనే ఫోన్ చేయాల్సి వచ్చింది, డ్రైవర్ అలారం ఆపేసి పడుకున్నాడు. 2.25కి వచ్చాడు, 2.40కి కదిలాం. పొట్టంగి దాటాక మంచు, సత్తిబాబు గారు చెప్పినట్టే లారీ దీపం తప్ప ఏమీ కనపడలేదు, డ్రైవర్ కిటికీ దించి తల బయటపెట్టి తోలాడు. సాలూరులో గడియారం చూస్తే 6.15. తమ్ముడు ఇడ్లీ అన్నాడు, నేను లెక్క చెప్పి పావుగంటలో లేపాను. పెందుర్తి దగ్గర ట్రాఫిక్‌తో కలిపి 9.25కి దిగాం. వీల్‌చైర్ మనిషి రావడానికే 25 నిమిషాలు పట్టింది, పెట్టె వేసేసరికి 10.05. ఆ గంట ఎందుకు పెట్టమన్నారో అప్పుడు అర్థమైంది. అమ్మ మాత్రం ఇంత తొందరగా తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారని గేటు దగ్గర సణుగుతూనే ఉంది.

అన్నా, బుధవారం తిరిగొస్తున్నాం. రాత్రి 7.40కి వైజాగ్‌లో దిగుతాం. ఇది అసలైన పికప్. రాత్రే ఘాటీ ఎక్కొచ్చా, విజయనగరంలో ఆగి పొద్దున్న వెళ్ళాలా?

సాలూరు_సత్తిబాబు · శనివారం సాయంత్రం 4.05

సాలూరులో ఆగండక్కా, మా ఇంట్లో ఖాళీ గది ఉంది.